జ్వరం తగ్గింది, ఐఎన్‌ఆర్ పెరిగింది: వార్ఫరిన్ డోసు ఎందుకు మారుతూ ఉంటుంది?

క్లుప్తంగా: రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే వార్ఫరిన్ మాత్ర వాడేవారికి డాక్టర్ అసలు చూసేది మాత్ర మిల్లీగ్రాములను కాదు, రక్తం ఎంత నిదానంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే అంకెను. జ్వరం, విరేచనాలు, యాంటీబయాటిక్, పథ్యం కలిస్తే అదే మాత్ర రెండింతలు పనిచేసినట్లు అవుతుంది. కోలుకుని మామూలు తిండికి వచ్చాక అదే మాత్ర చాలకపోవచ్చు. అందుకే జబ్బు సమయంలో ఒక పరీక్ష సరిపోదు. తగ్గిన తర్వాత చేయించే రెండో పరీక్ష కూడా అంతే అవసరం.

నెల్లూరు, ఒంగోలు గుండె డాక్టర్ల ఓపీల దగ్గర వార్ఫరిన్ వాడేవారి ఇళ్లలో ఒక సందేహం తరచూ కనిపిస్తుంది. ఎనిమిది నెలలు ఒకే డోసు నడుస్తుంది. ఒక జ్వరం తర్వాత డాక్టర్ రెండు రోజులు మాత్ర ఆపమంటారు. పదిహేను రోజులకు మళ్లీ పెంచుతారు. మందు మారలేదు, కంపెనీ మారలేదు, మనిషి మారలేదు. మరి డోసు ఎందుకు మారింది? ల్యాబ్ తప్పు చేసిందా, డాక్టర్ అంచనా మీద రాస్తున్నారా అన్న టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు ఆ రెండూ కావు. జవాబు ఆ మందు పనిచేసే తీరులోనే ఉంది.

## ఐఎన్‌ఆర్ కొలిచేది ఏమిటి

సిరంజితో తీసిన రక్తాన్ని నీలం మూత ట్యూబులో పోస్తారు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. ల్యాబులో ఆ రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసి, గడ్డకట్టించే ఒక రీఏజెంట్ కలిపి, ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో చూస్తారు. రిపోర్టులో PT అని ఉండేది ఆ సెకన్ల లెక్కే. మందు వాడని మనిషికి ఇది సుమారు 11 నుంచి 13 సెకన్లు.

చిక్కు ఏమిటంటే, ఒక్కో కంపెనీ రీఏజెంట్‌కు ఒక్కో చురుకుదనం ఉంటుంది. ఒకే మనిషి రక్తం ఒక ల్యాబులో 30 సెకన్లకు గడ్డకట్టి, మరో ల్యాబులో 36 సెకన్లు తీసుకోవచ్చు. సెకన్లను నమ్ముకుంటే కావలి రిపోర్టుకూ నెల్లూరు రిపోర్టుకూ పొంతన కుదరదు. ఆ తేడాను సరిచేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ పద్ధతిని తెచ్చింది. రిపోర్టులో కనిపించే అక్షరాలతో ఆ సూత్రం ఇది:

```
INR = (PT ÷ MNPT)^ISI
```

MNPT అంటే ఆ ల్యాబులో ఆరోగ్యవంతుల సగటు సమయం. ISI అంటే రీఏజెంట్ చురుకుదనాన్ని చెప్పే అంకె. మొదటి ల్యాబులో 30ని 12తో భాగిస్తే 2.5 వస్తుంది. ఆ రీఏజెంట్ ISI 1.2 అనుకుంటే ఐఎన్‌ఆర్ 3.0 అవుతుంది. రెండో ల్యాబులో 36ని 12తో భాగిస్తే 3. అక్కడ ISI 1.0 కాబట్టి ఐఎన్‌ఆర్ కూడా 3.0. సెకన్లు వేరైనా చివరి అంకె ఒకటే. అందుకే పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు సెకన్లు చూడకూడదు, ఐఎన్‌ఆర్‌నే చూడాలి.

మందు వాడనివారికి ఐఎన్‌ఆర్ 1 దగ్గర ఉంటుంది. కాలి సిరలో గడ్డ వచ్చినవారికి, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. గుండెలోని మైట్రల్ కవాటం స్థానంలో లోహపు వాల్వ్ వేసినవారికి 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. కింద పడితే గడ్డ భయం, పైకి పోతే రక్తస్రావం భయం. ఎవరి పరిధి వారిది. అది డిశ్చార్జి కాగితంలోనో ఓపీ పుస్తకంలోనో రాసి ఉండాలి, లేకపోతే అడిగి రాయించుకోవాలి.

ల్యాబు పొరపాటు అసలే జరగదని కాదు. నీలం ట్యూబును గీత వరకు నింపకపోతే సిట్రేట్ పాలు ఎక్కువై ఐఎన్‌ఆర్ లేనిపోని ఎక్కువగా చూపిస్తుంది. ఏ కారణమూ కనిపించకుండా అంకె ఒక్కసారిగా ఎగిరితే, డోసు మార్చేముందు మళ్లీ పరీక్ష చేయించమని డాక్టర్లు చెప్పడానికి ఇదొక కారణం.

పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా అన్న ప్రశ్న సహజం. లోహపు వాల్వ్ ఉన్నవారికి అవి ఇవ్వరు. అలాంటివారిపై ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్‌తో జరిగిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువగా కనిపించడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కీళ్లవాతపు జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ బాగా సన్నబడి, గుండె లయ కూడా తప్పినవారికి సైతం వార్ఫరిన్ తరహా మందులే వాడతారు.

## మందు అడ్డుకునేది విటమిన్ కె మళ్లీ వాడకాన్ని

రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లు కాలేయంలో తయారవుతాయి. వాటిలో నాలుగింటికి విటమిన్ కె లేనిదే పని పూర్తికాదు. ఒంట్లో ఈ విటమిన్ నిల్వ చాలా తక్కువ. అయినా మామూలు మనిషికి ఇబ్బంది రాదు, ఎందుకంటే ఒకసారి వాడిన విటమిన్ కెను కాలేయం బాగుచేసి మళ్లీ మళ్లీ వాడుకుంటుంది.

వార్ఫరిన్ ఆ బాగుచేసే ఎంజైమును ఆపుతుంది. దాంతో కాలేయం రోజూ తిండితో వచ్చే కొత్త విటమిన్ కె మీద ఆధారపడాల్సి వస్తుంది. మామూలు మనిషి నాలుగు రోజులు ఆకుకూర తినకపోయినా అతని రక్తం గడ్డకట్టే తీరు మారకపోవడానికీ, వార్ఫరిన్ వాడేవారిలో అదే నాలుగు రోజులు రిపోర్టులో కనిపించడానికీ తేడా ఇదే.

మరో సంగతి కాలవ్యవధి. వార్ఫరిన్ కొత్త ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుందే గానీ రక్తంలో ఇప్పటికే తిరుగుతున్నవాటిని తీసేయదు. అవి వాటంతట అవి అరిగిపోవాలి. ఆ నాలుగింటిలో ఒకటైన ఫ్యాక్టర్ 7 సగం అరగడానికి సుమారు 6 గంటలు చాలు. మరొకటైన ప్రోత్రాంబిన్‌కు 60 గంటలు, ఇంకా పైనే పడుతుంది. పైగా వార్ఫరిన్ కూడా సగం తగ్గడానికి దాదాపు 40 గంటలు తీసుకుంటుంది. సోమశిలలో గేటు ఎత్తిన రోజే కాలువ చివరి పొలానికి నీరు అందదు, దించిన రోజే ఆగిపోదు. ఐఎన్‌ఆర్ కూడా అంతే. ఈ రోజు రిపోర్టులో ఉన్నది రెండు మూడు రోజుల కిందటి మాత్ర, తిండి, జ్వరం. ఈ రోజు చేసిన మార్పు పూర్తిగా తెలియాలంటే దాదాపు వారం పడుతుంది.

## ఒక కేసు: ఏడు రోజుల్లో 2.9 నుంచి 5.8

ఎలా జరుగుతుందో చూడటానికి ఒక ఊహా కేసు తీసుకుందాం. కావలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో 52 ఏళ్ల మహిళ. ఆరేళ్ల కిందట మైట్రల్ వాల్వ్ తీసి లోహపు వాల్వ్ వేశారు. రోజూ రాత్రి వార్ఫరిన్ 5 మిల్లీగ్రాములు, అంటే వారానికి 35. ఉండాల్సిన పరిధి 2.5 నుంచి 3.5. గత మూడు పరీక్షల్లో 2.8, 3.0, 2.9 వచ్చాయి.

అక్టోబరు వానలకు జ్వరం, విరేచనాలు మొదలయ్యాయి. రెండో రోజు ఊళ్లో చూపించుకుంటే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఐదు రోజులకు ఇచ్చారు, జ్వరానికి పారాసెటమాల్ రోజుకు మూడు. ఇంట్లో పథ్యం పెట్టారు: జావ, బ్రెడ్, మజ్జిగన్నం, తర్వాత చారన్నం. గుండె మాత్ర మానకూడదని ఆమెకు గట్టిగా చెప్పారు కాబట్టి వార్ఫరిన్ మాత్రం ఒక్క రాత్రి కూడా తప్పలేదు. ఏడో రోజుకు జ్వరం పోయింది. మోచేతి దగ్గర చిన్న నల్లటి కమిలిన మచ్చ కనిపిస్తే పరీక్ష చేయించారు. ఐఎన్‌ఆర్ 5.8.

ఇక్కడ ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. నాలుగు కారణాలు ఒకే వారంలో ఒకే వైపు లాగాయి. మొదటిది తిండి. జావలోనూ బ్రెడ్‌లోనూ చారన్నంలోనూ విటమిన్ కె దాదాపు లేనట్లే. లంఖణం పరమౌషధం అంటారు గానీ, వార్ఫరిన్ వాడేవారిలో లంఖణం కూడా డోసు పెంచినట్లే పనిచేస్తుంది. రెండోది విరేచనాలు. తిన్న కాస్తలో ఉన్న విటమిన్ కూడా సరిగా ఒంటబట్టదు. మూడోది జ్వరం. ఒళ్లు కాలుతున్నప్పుడు గడ్డకట్టే ప్రోటీన్లు మామూలుకంటే త్వరగా ఖర్చవుతాయి.

నాలుగోదే అన్నిటికంటే బలమైనది. కాలేయంలో వార్ఫరిన్‌ను విరిచి బయటికి పంపే ఎంజైమును మెట్రోనిడజోల్ అణిచేస్తుంది. ఆమె మింగింది 5 మిల్లీగ్రాములే. కానీ నిన్నటిది మామూలుకంటే ఎక్కువ మిగిలి ఉండగానే ఈ రోజుది వచ్చి చేరింది. కోట్రైమోక్సజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్ కూడా ఇలాగే చేస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి కొందరిలో చేస్తాయి. ఎవరూ అనుమానించని పారాసెటమాల్ కూడా రోజుకు రెండు గ్రాములు, ఆపైన కొన్ని రోజులు వరుసగా వేస్తే ఐఎన్‌ఆర్‌ను పెంచగలదు. అలాగని జ్వరానికి అది వాడకూడదని కాదు. నొప్పి బిళ్లల కంటే అదే మేలు. పరీక్ష ఒకటి ముందుకు జరపాలి, అంతే.

యాంటీబయాటిక్ మొదలైన మూడు నుంచి ఐదు రోజుల్లోపు ఒకసారి ఐఎన్‌ఆర్ చూసి ఉంటే, ఈ కేసులో అంకె నాలుగు దాటకముందే దొరికి ఉండేది.

## 5.8 వస్తే విటమిన్ కె ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదు

రక్తస్రావం లేనప్పుడు 4.5 నుంచి 10 మధ్య ఐఎన్‌ఆర్‌కు విటమిన్ కెను అలవాటుగా ఇవ్వరు. మాత్ర ఒకటి రెండు రోజులు ఆపి మళ్లీ పరీక్షిస్తారు. పెద్ద డోసు విటమిన్ కె ఇస్తే ఐఎన్‌ఆర్ త్వరగా పడిపోతుంది, కానీ ఆ తర్వాత చాలా రోజులు వార్ఫరిన్ పట్టదు. లోహపు వాల్వ్ ఉన్న మనిషికి ఆ రోజులే ప్రమాదం. ఐఎన్‌ఆర్ 10 దాటితే లెక్క వేరు. నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, ఆగని ముక్కు రక్తం, తలకు దెబ్బ, ఎన్నడూ లేనంత తలనొప్పి ఉంటే అంకె ఎంతైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆమె రెండు రాత్రులు మాత్ర ఆపింది. మూడో రోజు ఐఎన్‌ఆర్ 3.4. ఆకలి ఇంకా సరిగా లేదు కాబట్టి డాక్టర్ 4 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు.

## అసలు ప్రమాదం కోలుకున్న తర్వాత

వారం గడిచింది. ఆకలి బాగుంది, నీరసం తగ్గింది, వాన వల్ల బస్సు ప్రయాణం వాయిదా పడింది. 4 మిల్లీగ్రాములే కొనసాగింది. ఇంట్లో రక్తం పట్టాలని తోటకూర పప్పు, మునగాకు వేపుడు దాదాపు రోజు మార్చి రోజు పెట్టారు. పద్దెనిమిది రోజులకు పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ 1.7.

పైకి లాగిన నాలుగు కారణాలూ ఈసరికి పోయాయి. మెట్రోనిడజోల్ ఆగాక కాలేయం మళ్లీ మామూలు వేగంతో వార్ఫరిన్‌ను విరుస్తోంది. జ్వరం లేదు, విరేచనాలు లేవు, తిండి మునుపటికంటే ఎక్కువే. మిగిలింది తగ్గించిన డోసు. వారానికి 35 నుంచి 28కి, అంటే అయిదో వంతు కోత. జబ్బు కోసం తగ్గించిన డోసు జబ్బు పోయాక కూడా అలాగే ఉండిపోయింది.

5.8 అన్న అంకెకు ఇల్లంతా కంగారు పడుతుంది. 1.7 చూసి చాలామంది రక్తం మామూలుకు వచ్చిందని సంతోషిస్తారు. లోహపు వాల్వ్ ఉన్నవారికి మాత్రం అది సంతోషించాల్సిన అంకె కాదు. వాల్వ్ మీద గడ్డ ఏర్పడితే అది కదలడం ఆగిపోవచ్చు. గడ్డ ముక్క మెదడుకు పోతే పక్షవాతం. మూతి వంకరపోవడం, ఒక వైపు చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఒక్కసారిగా ఆయాసం, వాల్వ్ టిక్ టిక్ శబ్దం మసకబారడం కనిపిస్తే మరుసటి పరీక్ష తేదీ దాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ కేసులో డోసును తిరిగి 5కి తెచ్చారు. ఐఎన్‌ఆర్ పరిధిలోకి వచ్చేదాకా పొట్ట చర్మం కింద, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ తరహా ఇంజెక్షన్లు కావాలా అన్నది గుండె డాక్టర్ నిర్ణయించారు. వారం తర్వాత ఐఎన్‌ఆర్ 2.4, ఆ పై వారం 2.8. డోసు రెండుసార్లు మారినా చివరికి మొదటి చోటికే వచ్చింది. కారణం తాత్కాలికమైతే మార్పు కూడా తాత్కాలికమే అవుతుంది.

## ఆకుకూర మానడం కాదు, మోతాదు నిలకడ

ఇలాంటి అనుభవం తర్వాత ఆకుకూరలే వద్దని తేల్చేసే ఇళ్లు ఉన్నాయి. అది సమస్యను ఇంకా పెంచుతుంది. నిండు చెరువులో నాలుగు బిందెలు ముంచితే తెలియదు. అడుగంటిన కుంటలో ఒక్క బిందెకే మట్టం మారుతుంది. విటమిన్ కె అసలే తక్కువ తినేవారిలో ఒక పెళ్లి భోజనమో, రెండు రోజుల ఉపవాసమో ఐఎన్‌ఆర్‌ను ఎక్కువగా ఊపుతుంది. వారానికి రెండుసార్లు ఆకుకూర తినే అలవాటుంటే ఆ రెండుసార్లూ తింటూ ఉండటమే మేలు. డోసును ఆ తిండికి తగ్గట్టు డాక్టర్ సరిచేస్తారు.

పచ్చి పాలకూర వంద గ్రాములలో సుమారు 480 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది. తోటకూరలో అంతకంటే ఎక్కువ. గోంగూర, మెంతికూర, మునగాకు, క్యాబేజీ కూడా లెక్కలోకి వస్తాయి. పోపులో వేసే నాలుగు కరివేపాకు రెబ్బలు పెద్దగా మార్చవు. రోజూ చెంచాల కొద్దీ కరివేపాకు పొడి, మునగాకు పొడి కొత్తగా మొదలుపెడితే మారుస్తాయి. నెల్లూరు చేపల పులుసుకు భయపడనక్కర్లేదు. చేపలోనూ చింతపండులోనూ అన్నంలోనూ ఈ విటమిన్ చాలా తక్కువ.

కార్తీక మాసం, అయ్యప్ప దీక్ష, రంజాన్ నెల లాంటివి వేరే తరహా మార్పు. జబ్బు లేదు, మందు మారలేదు, కానీ నెల పాటో, ఆ పైనో భోజనం తీరే మారిపోతుంది. ఒంటిపూట భోజనం వల్ల ఒకరిలో ఐఎన్‌ఆర్ పెరిగితే, కూరలు ఎక్కువయ్యే శాకాహారం వల్ల ఇంకొకరిలో తగ్గవచ్చు. ఎటు పోతుందో ముందే చెప్పలేరు. దీక్ష మొదలైన వారం పది రోజులకు ఒకసారి, విరమించాక ఒకసారి పరీక్ష చేయించుకోవడమే మార్గం. ఇక్కడ జబ్బులా నాలుగు రోజుల్లో పోయే కారణం కాదు కాబట్టి డాక్టర్ డోసునే మార్చవచ్చు. అలాంటప్పుడు వారం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని, సాధారణంగా 5 నుంచి 20 శాతం లోపే మారుస్తారు. చీటీలో ‘సోమ, గురు 6, మిగతా రోజులు 5’ అని కనిపిస్తే అది గజిబిజి కాదు. వారానికి 35ను 37 చేయడం. పరిధి దాటింది అర పాయింటు లోపే అయితే, ఏమీ మార్చకుండా ఒకటి రెండు వారాల్లో మళ్లీ పరీక్షించడం కూడా సరైన వైద్యమే.

## కిందికి లాగే మందులూ ఉన్నాయి

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ కథ మెట్రోనిడజోల్‌కు పూర్తిగా తలకిందులు. అది వార్ఫరిన్‌ను విరిచే ఎంజైములను పెంచుతుంది. ఒకటి రెండు వారాల్లో ఐఎన్‌ఆర్ పడిపోయి, డోసు రెండు మూడింతలు చేయాల్సి రావచ్చు. ఆరు నెలల కోర్సు ముగిసిన రోజు అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అక్కడి నుంచి కొన్ని వారాలపాటు పరీక్షలు దగ్గర దగ్గరగా చేయించాలి. ఎంజైములు మెల్లగా మామూలుకు వస్తుంటే, పెంచిన డోసు ఎక్కువై రక్తస్రావానికి దారితీస్తుంది.

వార్ఫరిన్ బదులు ఎసినోకౌమరాల్ వాడేవారు కూడా మన దగ్గర చాలామంది ఉన్నారు. రెండూ ఒకే జాతి మందులు, పరీక్ష ఒకటే. కానీ మిల్లీగ్రాములు సమానం కావు. ఎసినోకౌమరాల్ దాదాపు సగం మోతాదుకే అంత పని చేస్తుంది, త్వరగా వచ్చి త్వరగా పోతుంది. షాపులో ఒకటి లేదని రెండోది అదే అంకెతో తీసుకుంటే డోసు రెట్టింపు కావచ్చు, సగమూ కావచ్చు.

## ఐఎన్‌ఆర్‌లో కనిపించని రక్తస్రావం

రిపోర్టులో 2.8 ఉన్నా రక్తం పోయే పరిస్థితులు ఉన్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. ఐఎన్‌ఆర్ ఈ రెండింటినీ కొలవదు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతే, పరిధిలో ఉన్న ఐఎన్‌ఆర్ కూడా ప్రమాదమే. అందుకే వానాకాలపు జ్వరంలో ఐఎన్‌ఆర్‌తోపాటు ప్లేట్‌లెట్ల లెక్క కూడా చూడాలి.

ఇక తుంటి ఇంజెక్షన్. పల్లెల్లో జ్వరానికి, ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర ముందు పడేది అదే. వార్ఫరిన్ వాడేవారికి కండలోకి సూది గుచ్చితే లోపల రక్తం కారి గడ్డలా ఉబ్బవచ్చు. పైకి చుక్క రక్తం కనిపించదు. ఒకటి రెండు రోజులకు తుంటి గట్టిపడి, నొప్పి పెరిగి, చర్మం నల్లబడినప్పుడు గానీ తెలియదు. మందు చీటీ చూపించేముందే, చొక్కా చెయ్యి పైకి తీసేముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: ‘రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను, కండలోకి సూది వద్దు, కొత్త మందు రాస్తే చెప్పండి, మూడు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకుంటాను.’